మిర్చి యార్డు రేట్ల షీటు ఫోటోలో వరుస ఎక్కడ జారిపోతుందో పట్టుకోవడం ఎలా

గుంటూరు మిర్చి యార్డు రేట్ల షీటును ఎవరో ఒకరు ఫోటో తీసి వాట్సాప్‌లో పడేస్తారు. అందులోంచి మీరు ఊళ్లో ఎవరికో ఫోన్లో రేటు చదివి చెప్పాలి, లేకపోతే నాలాగా రోజూ ఎక్సెల్‌లోకి ఎక్కించాలి. నేను మొదట్లో ఒకసారి మా బాబాయికి 334 రకం మిర్చి మోడల్ ధర చెప్పబోయి దాని కింద ఉన్న 341 ధర చెప్పాను, ఆయన కాయ బండికెత్తుకుని వెళ్లాక యార్డులోంచి ఫోన్ చేసి "ఏరా, నువ్వు చెప్పిన రేటు ఇక్కడ వేరే రకానికి పలుకుతోంది కదరా" అన్నాడు. అంకె తప్పు చదవలేదు నేను. అంకె సరిగ్గానే చదివాను, వరుస తప్పింది. కాగితం చేతిలో ఉంటే వేలు పెట్టి చదువుకుంటాం కాబట్టి ఈ తప్పు రాదు, ఫోటోలో మాత్రం చాలా తేలిగ్గా వస్తుంది, పైగా వచ్చినట్టు తెలియదు.

ముందు ఒక చిన్న షీటు పెట్టుకుందాం. ఈ అంకెలు చూపించడానికి నేను వేసుకున్నవే, ఏ రోజు రేట్లూ కావు. నాన్ ఏసీ సరుకు, అంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టకుండా నేరుగా కల్లం నుంచి వచ్చిన కాయ. ధరలు క్వింటాకు రూపాయల్లో.

```
రకం     టిక్కీలు   కనిష్ఠ    గరిష్ఠ    మోడల్
తేజ     18,400   9,000   15,200  13,500
334     11,250   8,000   12,500  11,000
341      6,300   8,500   13,800  12,000
4884             8,000   11,500  10,500
తాలు     2,150   4,000    7,500   6,000
మొత్తం   38,100
```

టిక్కీ అంటే మిర్చి బస్తా, తాలు అంటే రంగు పోయిన నాసి కాయ, మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అది. 4884 పక్కన టిక్కీల గడి ఖాళీగా ఉంది చూడండి, కావాలనే అలా ఉంచాను, దాని సంగతి తర్వాత.

ముందు ఫోటో నిటారుగా ఉందో లేదో చూడండి, అంకెల జోలికి వెళ్లకండి

అసలు సమస్య అంతా ఇక్కడే మొదలవుతుంది. ఫోటో ఎంత వంకరగా ఉంటే వరుస తప్పుతుందో లెక్క వేసి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మామూలు ఫోన్ ఫోటోలో రకం పేరు నుంచి మోడల్ గడి దాకా సుమారు 2,500 పిక్సెళ్ల దూరం ఉందనుకోండి, ఒక్కో వరుస ఎత్తు 60 పిక్సెళ్లు అనుకోండి. కళ్లు పేరు దగ్గర బయల్దేరి తిన్నగా కుడి వైపుకు వెళ్తాయి. ఆ చివర వరుస 30 పిక్సెళ్లు, అంటే సగం వరుస ఎత్తు, పైకో కిందకో జరిగి ఉంటే చాలు, కళ్లు పక్క వరుసలో దిగుతాయి. 2,500కి 30 అంటే 0.7 డిగ్రీలు. ముప్పావు డిగ్రీ కూడా లేదు! అంత వంకర ఫోటో చూస్తే ఎవరికీ వంకరగా ఉన్నట్టే అనిపించదు.

ఇంకో తమాషా ఏమిటంటే ఆ వంకరకి గరిష్ఠ గడి ఇంకా తప్పదు. అది 2,000 పిక్సెళ్ల దూరంలోనే ఉంది కాబట్టి అక్కడికి జరిగింది 24 పిక్సెళ్లే, సగం వరుస దాటలేదు. అంటే ఎడమ వైపు గడులన్నీ కరెక్టుగా చదివి, ఆఖరి నిలువు వరుస ఒక్కటే జారిపోతుంది. మనకు అన్నిటికన్నా ఎక్కువగా కావాల్సిన మోడల్ ధర సరిగ్గా ఆ ఆఖరి గడిలోనే ఉంటుంది, ఖర్మ.

కాబట్టి గ్యాలరీలో ఫోటో తెరిచి ఎడిట్‌లోకి వెళ్లి తిప్పే స్లైడరు తీసుకోండి. స్క్రీను మీద గళ్ల గీతలు వస్తాయి కదా, వాటిలో ఒక దానికి పట్టిక పై గీత ఆనేలా తిప్పండి. అక్కడితో ఆపేయకండి, పట్టిక అడుగు గీత కూడా చూడండి. రెండూ సమానంగా వచ్చాయంటే ఫోటో కేవలం తిరిగి ఉందన్నమాట, పని అయిపోయింది. పై గీత సరిపడి అడుగు గీత ఇంకా వాలుగా ఉందంటే మాత్రం ఫోను పక్క నుంచి పట్టుకుని తీశారు. అప్పుడు ఎంత తిప్పినా ఒక చోట సరి చేస్తే ఇంకో చోట చెడిపోతుంది, స్కానర్ యాప్‌లో నాలుగు మూలలు లాగి సరిచేయాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, మూలలు కాగితానికి పెడతారు. కాగితానికి కాదు, పట్టిక బయటి గీతల మూలలకు పెట్టండి. కాగితం మీద పట్టిక వంకరగా జిరాక్స్ అయి ఉండొచ్చు, అప్పుడు కాగితం నిటారుగా వచ్చినా పట్టిక వంకరగానే ఉంటుంది.

కాగితం మధ్యలో మడత పడి ఉబ్బి ఉంటే ఈ రెండూ పనిచేయవు. గీత వంపు తిరుగుతుంది, స్కేలు పెట్టినా లాభం లేదు. దానికి నేను చేసేది ఒక్కటే, గడి గడికీ పక్క గడి చూసుకుంటూ నడవడం. పేరు నుంచి టిక్కీలకి, టిక్కీల నుంచి కనిష్ఠానికి, అలా. పేరు నుంచి ఒక్కసారిగా మోడల్‌కి దూకకూడదు. షీటు పెట్టిన మనిషి తెలిసినవాడైతే "అన్నా, బల్ల మీద పరిచి పైనుంచి ఇంకోటి తీసి పెట్టవా" అని అడగడం వీటన్నిటికన్నా తేలిక.

జూమ్ చేసే ముందు గీతలు గీయండి

చిన్న అక్షరాలు కాబట్టి జూమ్ చేస్తాం. జూమ్ చేయగానే ఎడమన రకం పేరు, పైన శీర్షిక, రెండూ స్క్రీను దాటిపోతాయి. ఇక మిగిలేది అంకెల అడవి. అందుకని జూమ్‌కి ముందే, పట్టిక మొత్తం కనపడుతుండగానే, మార్కప్ పెన్నుతో మీకు కావాల్సిన వరుస కింద పేరు దగ్గర్నుంచి చివరి గడి దాకా ఒక రంగు గీత లాగండి. షీటు మొత్తం ఎక్కించాలంటే ప్రతి ఐదో వరుస కింద ఒకటి గీయండి చాలు. మోడల్ నిలువు వరుస పై నుంచి కింది దాకా ఇంకో రంగుతో ఒక గీత. ఇక ఎంత జూమ్ చేసినా దారి తప్పరు.

శీర్షిక దగ్గర కాసేపు ఆగండి. చాలా షీట్లలో పైన "ధర" అని ఒకే పెద్ద గడి, దాని కింద కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ అని మూడు చిన్న గడులు ఉంటాయి. ఇంకొన్నిట్లో ఏసీ, నాన్ ఏసీ పక్కపక్కన పెట్టి రెండింటి కిందా మళ్లీ అవే మూడు పేర్లు వేస్తారు. మీరు జూమ్‌లో "మోడల్" అని చూసి సంబరపడతారు గానీ అది ఎవరి మోడల్? కోల్డ్ స్టోరేజీ కాయదా, కొత్త కాయదా? ఎక్సెల్‌లో శీర్షిక రాసేటప్పుడు పై గడి పేరును కూడా కలిపి "నాన్ ఏసీ మోడల్" అని పూర్తిగా రాయండి, ఒక్క "మోడల్" అని వదలకండి.

ఏసీ, నాన్ ఏసీ పక్కపక్కన కాకుండా ఒకదాని కింద ఒకటి ఉంటే వేరే గొడవ ఉంది. ఎడమ చివర "నాన్ ఏసీ" అనే పేరు ఐదు వరుసలకూ కలిపి ఒకే పొడుగాటి గడిలో ఉంటుంది, అక్షరాలు ఆ గడి మధ్యలో అచ్చవుతాయి. అంటే మూడో వరుస 341 ఎదురుగా కనపడుతుంది. చదివేవాడు అక్కడి నుంచి కిందకి ఉన్నవే నాన్ ఏసీ అనుకుంటాడు, పైనున్న తేజ, 334 రెండూ ఏసీ లెక్కలో పడిపోతాయి. పేరు ఎక్కడ అచ్చయిందో చూడకండి, దాని పైన కింద ఉన్న అడ్డు గీత ఎక్కడ ఉందో చూడండి. ఆ రెండు గీతల మధ్య ఉన్న వరుసలన్నీ దానివే.

ఖాళీ గడి, అంకె పేర్లు

ఇప్పుడు చేత్తో టైపు చేయకుండా ఫోటోలోంచి అక్షరాలు లాగే పద్ధతికి వద్దాం, ఎందుకంటే ఎక్కువమంది చేసేది అదే. గూగుల్ లెన్స్‌తో కాపీ చేసి ఎక్సెల్‌లో పేస్ట్ కొడతారు. అలా లాగినప్పుడు గీతలు రావు, వట్టి మాటలు వరసగా వస్తాయి. 4884 వరుస ఇలా వస్తుంది:

```
4884 8,000 11,500 10,500
```

నాలుగే ముక్కలు. ఖాళీ గడి ఉందన్న సంగతి మాయమైపోయింది. దీన్ని ఎడమ నుంచి నింపుకుంటూ పోతే టిక్కీలు 8,000, కనిష్ఠ 11,500, గరిష్ఠ 10,500, మోడల్ ఖాళీ. కనిష్ఠం గరిష్ఠం కన్నా ఎక్కువైంది కదా, అదే మనకు పట్టిచ్చే గుర్తు. మొత్తం కూడా చెబుతుంది, టిక్కీలు కూడితే 46,100 వస్తాయి, షీటులో 38,100 ఉంది. తేడా సరిగ్గా 8,000. తేడా ఎంతో తెలిశాక ఆ అంకె పట్టికలో ఎక్కడెక్కడ ఉందో వెతకండి, దొంగ దాదాపు అక్కడే దొరుకుతాడు. ఇక్కడ 8,000 రెండు చోట్ల ఉంది, 334 కనిష్ఠం, 4884 కనిష్ఠం. వాటిలో టిక్కీల గడిలోకి దూరింది రెండోది.

మిర్చి షీటుకి ఇంకో ప్రత్యేకమైన తలనొప్పి, రకాల పేర్లే అంకెలు. 334, 341, 4884, 2043, 273. అక్షరాలు లాగే యాప్‌కి ఇవి పేర్లని తెలియదు. ఇంకో షీటులో "బాడిగ" అనే పేరు అస్పష్టంగా పడి ఎగిరిపోయిందనుకోండి, ఆ వరుస ఎడమకి జరిగి టిక్కీలు పేరు గడిలోకి వస్తాయి, వాటిని చూసి ఇదేదో కొత్త రకం అనుకుంటారు. ఎదురుగా తాలు ధర లాంటి నాలుగంకెల ధరలుంటే 4884 అన్నది ధరలా కూడా కనిపిస్తుంది. కామా చూడండి, ధరలోనూ టిక్కీల్లోనూ 4,884 అని కామా ఉంటుంది, రకం పేరులో ఉండదు. ఎక్సెల్‌లో పేర్ల గడులను పేస్ట్ చేయకముందే టెక్స్ట్‌గా మార్చుకుంటే అదే వెళ్లి కూడికలో కలిసే ప్రమాదం తప్పుతుంది.

నిలువు గీతలు కూడా అంకెలైపోతుంటాయి. గీత 12,500 కి బాగా దగ్గరగా అచ్చయితే 112,500 అని వస్తుంది. మన కామా లెక్కలో అది 1,12,500 అని ఉండాలి కదా, అలా లేదంటేనే ముందున్న 1 అనుమానించాల్సిందే. డిటో గుర్తు పెట్టిన షీట్లలో ఆ రెండు చిన్న గీతలు 11 అయిపోవడం కూడా చూశాను.

కంప్యూటరు మీద కూర్చునే వాళ్లు ఫోటోలోంచి అక్షరాలు లాగే టెసరాక్ట్ అనే ప్రోగ్రాము వాడితే ఖాళీ గడి సమస్యకు మంచి దారి ఉంది. మాటలతో పాటు అవి ఫోటోలో ఎక్కడున్నాయో కూడా అడగండి:

```
tesseract yard.png yard -l tel+eng --psm 6 tsv
```

`yard.tsv` అనే ఫైలు వస్తుంది. అందులో ప్రతి మాట పక్కన `left`, `top`, `width`, `height` ఉంటాయి. 8,000 టిక్కీల గడిలోదా కనిష్ఠానిదా అని ఊహించక్కర్లేదు, దాని చోటు చూడండి. ఒక చిన్న కిటుకు చెప్తాను, `left` చూసి వర్గీకరించకండి. అంకెలు కుడి వైపుకి ఆనించి అచ్చవుతాయి కాబట్టి 9,000 మొదలయ్యే చోటు, 15,200 మొదలయ్యే చోటు వేరు వేరుగా ఉంటాయి, ముగిసే చోటు మాత్రం ఒక నిలువు వరుసలో అన్నిటికీ దాదాపు ఒకటే. అంటే `left` కి `width` కలిపి చూడాలి. పేర్లకు మాత్రం `left` సరిపోతుంది. ఇదంతా ఫోటో నిటారుగా ఉంటేనే, లేకపోతే మొదటి మెట్టు దగ్గరకే వెళ్లాలి. అడ్డు వరుసలు కలిసిపోతున్నాయంటే `top` చూసి కలపండి, సగం వరుస ఎత్తు లోపు తేడా ఉన్నవి ఒకే వరుస.

పేరు రెండు లైన్లలో పడిన చోట కూడా ఇలాగే జరుగుతుంది. "బాడిగ" పై లైనులో, "355" కింది లైనులో, అంకెలు రెంటి మధ్యలో. యాప్ దాన్ని మూడు వరుసలుగా తీసుకుంటుంది. ఒక లైనులో పేరు తప్ప ఏమీ లేదంటే దాన్ని ఖాళీ వరుసగా వదలకుండా దాని పైనో కిందో పేరు లేకుండా ఉన్న అంకెల వరుసతో కలిపి చూడండి.

ఎక్కించాక ఒక పరీక్ష

మోడల్ ధర ఎప్పుడూ కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్యలోనే ఉండాలి. పేరు A లో, టిక్కీలు B లో, కనిష్ఠ C లో, గరిష్ఠ D లో, మోడల్ E లో ఉంటే F లో ఇది పెట్టి కిందకి లాగండి:

```
=AND(C2<=E2,E2<=D2)
```

`FALSE` వచ్చిన వరుస దగ్గర ఆగండి. అయితే ఆ వరుసలోనే తప్పు ఉందని అనుకోకండి. నేను దీన్ని ఒక రోజంతా టెన్షన్ పడి నేర్చుకున్నాను కాబట్టి మన షీటుతోనే చూపిస్తాను.

ఫోటో కుడి చివర కాస్త పైకి లేచి ఉందనుకోండి. అప్పుడు తేజ దగ్గర బయల్దేరిన కన్ను మోడల్ గడి దగ్గర ఒక వరుస కింద దిగుతుంది. తేజకి 11,000, 334కి 12,000, 341కి 10,500, 4884కి 6,000 పడతాయి, తాలుకి ఏమీ రాదు. ఎందుకంటే దాని కింద మొత్తం వరుసలో మోడల్ గడి ఖాళీ. ఇప్పుడు పరీక్ష ఏం చెబుతుంది? తేజకి 11,000 అంటే 9,000కీ 15,200కీ మధ్యే, పాస్. 334కి 12,000, పైన 12,500 ఉంది, పాస్. 341కి 10,500, అదీ పాస్. 4884కి 6,000 అంటే కనిష్ఠం 8,000 కన్నా తక్కువ, ఇక్కడ దొరికింది. తాలు ఖాళీ కూడా ఫెయిలే.

చూశారా, తప్పు పైనుంచి కిందిదాకా ఉంది, బయటపడింది అడుగున మాత్రమే. మిగతా రకాల ధరలన్నీ ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కాబట్టి పక్కవాడి ధర వేసుకున్నా ఇమిడిపోతుంది, తాలు ఒక్కటే మిగతావాటి కన్నా బాగా తక్కువ కాబట్టి అది ఎక్కడ పడినా ఒప్పుకోదు. ఆ రోజు నేను 4884 మోడల్ ఒక్కటి దిద్ది పంపించేశాను, పై మూడూ తప్పుగానే వెళ్లాయి. కింద ఎక్కడ `FALSE` వచ్చినా ఆ నిలువు వరుసను పైదాకా మళ్లీ చూడాల్సిందే. మరీ ముఖ్యంగా ఆఖరి వరుసలో ఒక గడి ఖాళీగా ఉండి, ఫోటోలో అక్కడ అంకె ఉందంటే, ఒక్క గడి తప్పలేదు, నిలువు వరుస మొత్తం ఒక మెట్టు జారింది.

ఈ పరీక్షకీ అందని తప్పులున్నాయి. 334, 341 కనిష్ఠాలు 8,000, 8,500. ఇవి రెండూ తారుమారైతే ఏ సూత్రమూ పట్టదు. వాటికి ఒకటే మందు, ఎక్కించేటప్పుడు అడ్డంగా చదివితే సరిచూసేటప్పుడు నిలువుగా చదవండి. కనిష్ఠం ఒక్కటే తీసుకుని 9,000, 8,000, 8,500, 8,000, 4,000 అని ఫోటోలో పైనుంచి కిందకి చదువుతూ ఎక్సెల్‌లో అదే నిలువు వరుసతో పోల్చండి. అడ్డంగా వెళ్లేటప్పుడు జారే కన్ను నిలువుగా వెళ్లేటప్పుడు జారదు, రెండింటికీ దారి వేరు. ఇంట్లో ఎవరైనా ఖాళీగా ఉంటే ఫోన్ వాళ్ల చేతికిచ్చి పైకి చదివించుకోండి, రెండు నిమిషాల పని. లెక్కబెట్టడం కూడా మరిచిపోకండి, మన షీటులో కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ మూడింట్లోనూ ఐదేసి ఉండాలి, టిక్కీల్లో మొత్తం కాక నాలుగు.

ఆ ఖాళీ గడి గురించి మిగిలింది. అందులో సున్నా వేయకండి. సున్నా అంటే ఆ రకం రాలేదని అర్థం వస్తుంది, మరి రాని సరుకు 10,500కి ఎలా పోయిందని అడుగుతారు. ఫోటోలో ఖాళీగా ఉంటే ఎక్సెల్‌లోనూ ఖాళీగానే వదిలేయండి, ఫోటో మసకబారి మీకు కనపడకపోతే మాత్రం ప్రశ్నార్థకం పెట్టండి.